రోలోవర్ వారంలో చాపీనెస్ ఇండెక్స్ చెప్పిన అబద్ధం: పసుపు ఫ్యూచర్స్‌లో నా 42 వేల కేసు

నేను హన్మకొండలో ఉంటాను. ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజ్‌లో పసుపు ఫ్యూచర్స్ ఒకటి రెండు లాట్ల స్థాయిలో ట్రేడ్ చేస్తాను. పసుపు లాట్ అంటే 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. ధర క్వింటాలుకు చెబుతారు కాబట్టి ఒక్క రూపాయి కదిలితే లాటుకు 50 రూపాయలు అటో ఇటో అవుతాయి. మా బావ నిజామాబాద్ యార్డులో అడ్తి వ్యాపారం చేస్తాడు. ఈ కేసులో ఆయన మాట ఒకటి వస్తుంది. ఆ మాట నేను అప్పుడే విని ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

నా దగ్గర రెండు పద్ధతులున్నాయి. ఒకటి బ్రేకవుట్: 20 రోజుల గరిష్ఠాన్ని దాటితే కొని, స్టాప్‌ను, అంటే ధర తిరగబడితే బయటపడే చోటును, వెనకాలే జరుపుకుంటూ పోవడం. రెండోది రేంజ్: ధర ఒక గదిలో తిరుగుతున్నప్పుడు నేల దగ్గర కొని కప్పు దగ్గర అమ్మడం. ఒకటి పని చేసే చోట రెండోది జేబు ఖాళీ చేస్తుంది. సైడ్‌వేస్‌లో బ్రేకవుట్ కొంటే ప్రతిసారీ కప్పుకు తల తగులుతుంది. ట్రెండ్‌లో రేంజ్ ఆడితే పరుగెత్తే బండికి అడ్డం నిలబడ్డట్టే. అందుకని ఏ పద్ధతి తీయాలో ముందు తేల్చుకోవడానికి చాపీనెస్ ఇండెక్స్ పెట్టుకున్నాను. దీన్ని తయారు చేసింది ఇ.డబ్ల్యూ. డ్రైస్ అనే ఆస్ట్రేలియా కమోడిటీ ట్రేడర్.

దాని లెక్క చూడ్డానికి భయపెడుతుంది కానీ లోపల ఉన్నది ఒక్కటే ప్రశ్న. ఒక మనిషి హన్మకొండ చౌరస్తా నుంచి వరంగల్ స్టేషన్‌కు నడిచాడనుకోండి. ఇంకొకడు అంతే దూరం నడిచాడు, కానీ బస్టాండులో బస్సు రాక అటూ ఇటూ తిరుగుతూ నడిచాడు. ఇద్దరి కాళ్లూ ఒకేలా నొప్పి పెడతాయి. కానీ మొదటివాడు ఊరు దాటాడు, రెండోవాడు ఉన్నచోటే ఉన్నాడు. ధర నడిచిన మొత్తం దూరాన్ని, అది చుట్టిన జాగాతో భాగిస్తే ఈ తేడా బయటపడుతుంది.

నడిచిన దూరం అంటే 14 రోజుల ట్రూ రేంజ్‌ల మొత్తం. ట్రూ రేంజ్‌లో ఆ రోజు హై, లోల మధ్య తేడాతో పాటు నిన్నటి ముగింపు నుంచి వచ్చిన గ్యాప్ కూడా కలుస్తుంది. చుట్టిన జాగా అంటే ఆ 14 రోజుల్లో అన్నిటికంటే పై ధరకూ అన్నిటికంటే కింది ధరకూ ఉన్న తేడా. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, లాగరిథమ్ తీసి, 0 నుంచి 100 కొలబద్ద మీదికి తెస్తారు. నా ఎక్సెల్ షీట్‌లో B కాలమ్ హై, C లో, D ముగింపు, E ట్రూ రేంజ్:

```
E3:  =MAX(B3-C3, ABS(B3-D2), ABS(C3-D2))
F16: =100*LOG10(SUM(E3:E16)/(MAX(B3:B16)-MIN(C3:C16)))/LOG10(14)
```

అందరూ వాడే గీతలు 61.8, 38.2. పైగీత దాటితే సైడ్‌వేస్, కింది గీత దిగితే ట్రెండ్. ఇవి ఫిబొనాచీ నుంచి తెచ్చుకున్న అంకెలు. వాటి వెనక మార్కెట్‌లో పరీక్షించి తేల్చిన కారణమేదీ నాకు కనిపించలేదు. అలవాటుగా వాడతాను, అంతే. లాగరిథమ్ విప్పి చూస్తే అవి ఏమంటున్నాయో సూటిగా తెలుస్తుంది: 14 రోజులకు నడిచిన దూరం జాగాకు 5.1 రెట్లు ఉంటే 61.8, సుమారు 2.74 రెట్లు ఉంటే 38.2. మధ్యలో 50 అంటే 3.74 రెట్లు, అంటే 14కు వర్గమూలం. నాణెం ఎగరేసినట్టు దిక్కూ దిశా లేకుండా నడిచే ధర కూడా సుమారు ఈ 50 దగ్గరే తిరుగుతుంది. అందుకే 45, 55 అంకెలు చూసి కథలు అల్లుకోవడం దండగ. ఇంకో సంగతి, ఇది దిక్కు చెప్పదు. ధర కూలిపోతున్నా 30 చూపిస్తుంది, లేస్తున్నా 30 చూపిస్తుంది.

ఇక కేసు. అంకెలను చదవడానికి వీలుగా గుండ్రం చేశాను.

ఆగస్టు కాంట్రాక్టు గడువుకు వస్తున్న రోజులు. ధర రెండు వారాలుగా 13,140కీ 13,620కీ మధ్య తిరుగుతోంది. 14 రోజుల ట్రూ రేంజ్‌లు కలిపితే 2,520, జాగా 480. భాగిస్తే 5.25, ఇండెక్స్ 62.8. పైగీతకు పైనే ఉంది, అంటే సైడ్‌వేస్. నా పుస్తకంలో ఆ తేదీ పక్కన 'బ్రేకవుట్ వద్దు' అని రాసి ఉంది. అప్పటిదాకా అంతా సరిగ్గానే నడిచింది.

పసుపు కాంట్రాక్టులో డెలివరీ తప్పనిసరి. నాలాంటివాడు గడువు దాకా పొజిషన్ ఉంచుకుంటే 50 క్వింటాళ్ల బస్తాల లెక్క మెడకు చుట్టుకుంటుంది. అందుకని కొన్ని రోజుల ముందే అందరం అక్టోబర్ కాంట్రాక్టుకు మారతాం. దీన్నే రోలోవర్ అంటారు. నా చార్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేను చూసేది నిరంతర చార్ట్. పాత కాంట్రాక్టు అయిపోగానే కొత్తదాన్ని తెచ్చి దాని పక్కన అతికించేస్తుంది. మధ్యలో ఎలాంటి సర్దుబాటూ చేయదు.

ఆగస్టు కాంట్రాక్టు చివరి బార్, అంటే చార్ట్‌లో దాని చివరి రోజు గీత, 13,350 దగ్గర ముగిసింది. అదే రోజు అక్టోబర్ కాంట్రాక్టు ముగింపు 13,930. రెండింటి మధ్య 580 రూపాయలు తేడా. అది గోదాము కిరాయి, వడ్డీ, రెండు నెలల తర్వాతి సరుకు మీద జనానికున్న అంచనా, అన్నీ కలిసిన తేడా. పసుపు పెరగలేదు, పసుపు పేరు మారింది. మరుసటి రోజు అక్టోబర్ బార్ 13,880 నుంచి 14,040 మధ్య నడిచింది. నిజానికి ఆ రోజు కదలిక 160 రూపాయలు. నిరంతర చార్ట్ మాత్రం నిన్నటి 13,350 నుంచి ఇవాళ్టి 14,040 దాకా లెక్కేసి ట్రూ రేంజ్ 690 అంది.

ఇక్కడ ఇండెక్స్‌కు ఏమవుతుందో జాగ్రత్తగా చూడండి. నడిచిన దూరంలో 180 పోయి 690 చేరింది, మొత్తం 3,030. జాగా మాత్రం 480 నుంచి 900 అయింది. దూరం ఐదోవంతు పెరిగితే జాగా దాదాపు రెట్టింపయింది. ఇండెక్స్ ఒక్క రోజులో 62.8 నుంచి 46కు పడింది. పాత గదిని దాటించే పెద్ద గ్యాప్ ఇలాగే పని చేస్తుంది. దూరానికీ జాగాకూ దగ్గరదగ్గరగా ఒకే మొత్తం కలుపుతుంది కానీ జాగా చిన్న సంఖ్య కాబట్టి దాని మీద ప్రభావం ఎక్కువ. నిజమైన వార్తతో గ్యాప్ వస్తే అది న్యాయమే. అతుకు వల్ల వచ్చిన గ్యాప్‌కు ఆ న్యాయం లేదు.

నాకు ఆ రోజే అనుమానం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే 46 అంటే మధ్య గది, అక్కడ నేను ఏమీ చేయను. ఇంకో వారం గడిచింది. అక్టోబర్ ధర నెమ్మదిగా 14,230 తాకింది. రోజువారీ కదలికలు కొంచెం తగ్గి 160 దగ్గరికి వచ్చాయి. ఏడో రోజు నా తెర మీద దూరం 2,910, జాగా 1,090, ఇండెక్స్ 37.2. కింది గీత దిగింది. 20 రోజుల గరిష్ఠమూ దాటింది. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నట్టు అనిపించింది.

ఆ సాయంత్రం బావకు ఫోన్ చేశాను. "బావా, పసుపు లేస్తున్నట్టుంది కదా?" అన్నాను.

"ఏడ లేస్తుందిరా? యార్డుల పది రోజుల సంది ధర జరుగలే. సరుకు కూడ వస్తలేదు, కొనెటోడు కూడ వస్తలేడు. నీ చార్ట్‌ల ఎట్ల లేచిందో నువ్వే చూసుకో" అన్నాడు.

యార్డు ధర వెనకబడి ఉంటుంది, ఫ్యూచర్స్ ముందు కదులుతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కొన్నిసార్లు అది నిజం కూడా. రెండు లాట్లు 14,210 దగ్గర కొన్నాను. స్టాప్ ఏటీఆర్‌కు, అంటే ట్రూ రేంజ్‌ల సగటుకు, రెండింతల దూరంలో పెడతాను. 14 రోజుల సగటు 208 వచ్చింది కాబట్టి 416 కింద, అంటే 13,794.

అతుకు రెండోసారి దెబ్బ కొట్టింది ఇక్కడే. ఆ 208లో కూడా ఆ దొంగ 690 ఉంది. అసలు సగటు 170. ఇంకా ఘోరం, స్టాప్ ఎక్కడ పడిందో చూడండి. పాత రేంజ్ అడుగు 13,140. దానికి 580 కలిపితే అక్టోబర్ భాషలో 13,720. నా స్టాప్ 13,794. అంటే గదిలో కప్పు దగ్గర కొని, నేలకు 74 రూపాయలు పైన స్టాప్ పెట్టుకున్నాను. గదిలోనే తిరుగుతున్న ధర మామూలుగా నేల దాకా వెళ్లొస్తే చాలు, నన్ను బయటికి తోసేస్తుంది.

అదే అయింది. ఐదు రోజుల్లో 13,760కు దిగింది. 13,790 దగ్గర బయటపడ్డాను. 420 రూపాయలు, వంద క్వింటాళ్లు, 42,000. బ్రోకరేజీ, పన్నులు వేరు. ఆ తర్వాత ధర మళ్లీ పైకి వెళ్లిందని చెప్పనక్కర్లేదు.

నష్టం తర్వాత రెండు రోజులు తెర వైపే చూడలేదు. మూడో రోజు తెరిస్తే ఇండెక్స్ గీత మీద ఒక సూది కనిపించింది. సూదికి ముందు రోజు 42, సూది రోజు 68, మరుసటి రోజు 60. ఒక్క రోజుకు 26 పాయింట్లు ఎగిరి తర్వాత దిగింది. ధరలో మాత్రం ఆ రోజు ఏమీ జరగలేదు, మామూలు 165 రూపాయల బార్. 14 రోజుల సగటు లాంటి కొలత ఇలా ఎగరదు. ఎగిరిందంటే ఏదో పెద్ద బార్ ఆ 14 రోజుల కిటికీలోకి వస్తోంది, లేకపోతే పోతోంది. సూది రోజు నుంచి వెనక్కి లెక్కబెట్టుకుంటూ పోతే సరిగ్గా 14వ బార్ రోలోవర్ రోజు.

అప్పుడు మొత్తం అర్థమైంది. రోలోవర్ బార్ కిటికీలో అన్నిటికంటే పాతది అయిన రోజున, దాని ట్రూ రేంజ్ 690 ఇంకా దూరంలో ఉంది. కానీ ఆ గ్యాప్‌కు అవతలి ఒడ్డు, అంటే ఆగస్టు ధర, కిటికీ బయటికి పోయింది. జాగాలో ఇప్పుడు అక్టోబర్ ధరలే ఉన్నాయి: 13,760 నుంచి 14,230, 470 రూపాయలు. దూరం 2,835. ఆరు రెట్లు. అందుకే 68. మర్నాడు 690 కూడా పోయింది, నిజమైన 60 బయటపడింది. అంటే 13 రోజులు లేని ట్రెండ్ వైపు చూపించి, పద్నాలుగో రోజు ఉన్నదానికంటే ఎక్కువ సైడ్‌వేస్‌ను చూపించి, పదిహేనో రోజు నిజం చెప్పింది. ఈ సూదే అతుకు గుర్తు. మీ చార్ట్‌లో కొత్త కాంట్రాక్టు మొదటి బార్ తర్వాత 13 ట్రేడింగ్ రోజులకు ఇది కనిపిస్తే మీ డేటా సర్దుబాటు కాలేదని అర్థం. పీరియడ్ 14 కాకుండా 20 పెట్టుకుంటే 19 రోజులకు కనిపిస్తుంది.

షీట్‌లో ఆగస్టు బార్‌లన్నిటికీ 580 కలిపి మళ్లీ లెక్కేశాను. హై, లో, ముగింపు మూడింటికీ కలపాలి. ఇండెక్స్ తేడాలనే చూస్తుంది కాబట్టి అన్నిటికీ ఒకే సంఖ్య కలిపితే పాత విలువలు చెక్కుచెదరవు, అతుకు మాత్రం మాయమవుతుంది. కొన్న రోజున అసలు దూరం 2,380, జాగా 510. ఇండెక్స్ 58.4. తెర మీద 37.2, నిజంలో 58.4.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. 58.4 చూసి ఉన్నా నేను రేంజ్ పద్ధతిలో అమ్మేవాణ్ణి కాదు, ఎందుకంటే అది 61.8కి కింద ఉంది. సరైన డేటా ఉంటే నాకు లాభం వచ్చేదని కాదు. చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి, 42,000 మిగిలేవి, అంతవరకే.

ఆ 580 ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది కూడా చిన్న విషయం కాదు. ఒకే రోజు రెండు కాంట్రాక్టుల ముగింపుల తేడా తీసుకోవాలి. నిన్నటి ఆగస్టు ముగింపుకూ ఇవాళ్టి అక్టోబర్ ఓపెన్‌కూ తేడా తీస్తే ఆ రాత్రి నిజంగా వచ్చిన కదలికను కూడా తుడిచేస్తాం. మరి అతికించే గొడవ లేకుండా అక్టోబర్ కాంట్రాక్టు చార్టే వాడొచ్చు కదా అని ఒక స్నేహితుడు అడిగాడు. వాడొచ్చు, కానీ అందరూ దానికి మారేదాకా దానిలో వ్యాపారం పల్చగా ఉంటుంది. కొన్ని రోజులు నాలుగైదు లావాదేవీలే జరిగితే బార్ ఒక చుక్కలా ఉంటుంది, మర్నాడు ఎక్కడో తెరుచుకుంటుంది. ఆ కదలికలు మార్కెట్‌వి కావు, ఖాళీ బజారువి. వాటితో కట్టిన ఇండెక్స్‌ను నేను నమ్మను. వాల్యూమ్ పాత కాంట్రాక్టును దాటిన రోజు నుంచి కొత్తదాన్ని తీసుకుని, వెనకటి దానికి తేడా కలుపుకుంటాను.

పాత పుస్తకాలు తిరగేస్తే అంతకు ముందు కూడా రోలోవర్ తర్వాతి మూడు వారాల్లో నాలుగు బ్రేకవుట్ ట్రేడ్‌లు చేసినట్టు తేలింది. మూడు నష్టం. అప్పుడు మార్కెట్‌ను తిట్టుకున్నాను. నాలుగు ట్రేడ్‌ల మీద సిద్ధాంతం కట్టలేం, కానీ ఆ మూడు నష్టాలూ అదే కిటికీలో ఉండటం కాకతాళీయం అనిపించలేదు.

డేటా బాగు చేసుకున్నాక ఇండెక్స్‌ను వాడే తీరు కూడా కొంత మారింది. దీనికి ఆలస్యం అన్నది రక్తంలోనే ఉంది. రోజుకు సగటున 170 కదిలే పసుపులో 14 రోజుల దూరం 2,380. అది 38.2 చూపించాలంటే జాగా సుమారు 870 రూపాయలు కావాలి. అంటే ధర అప్పటికే 870 నడిచేసి ఉండాలి. ఎంట్రీకి ఇది కిందికి దిగేదాకా ఆగితే పెళ్లి భోజనానికి విస్తళ్లు ఎత్తే వేళకు వెళ్లినట్టు ఉంటుంది. 38.2ను ఎత్తి 45 చేస్తే తొందరగా తెలుస్తుంది కదా అని ప్రయత్నించాను. తెలుస్తుంది, కానీ 50 చుట్టూ ఉండే దిక్కులేని నడకలు కూడా దాంట్లో ఇరుక్కుంటాయి. కాబట్టి ఎంట్రీ కోసం దీన్ని అడగడం మానేశాను. 61.8 పైన ఉంటే బ్రేకవుట్ ముట్టుకోను, 38.2 కింద ఉంటే రేంజ్ ముట్టుకోను. ఈ రెండు నిషేధాలకు ఇది బాగా పని చేస్తుంది. మధ్యలో ఉంటే ధరనూ వాల్యూమ్‌నూ చూసి తేల్చుకుంటాను, లాట్ ఒకటే తీసుకుంటాను.

సర్క్యూట్ రోజుల గురించి కూడా ఒక ముక్క. పసుపు పై సర్క్యూట్‌లో, అంటే ఆ రోజుకు ఎక్స్ఛేంజ్ పెట్టిన పై ధర హద్దు దగ్గర, తెరుచుకుని అక్కడే బిగుసుకుపోతే హై, లో ఒకటే అవుతాయి. దూరమంతా గ్యాపే, జాగాకూ అంతే కలుస్తుంది. అలాంటివి రెండు మూడు వరుసగా వస్తే ఇండెక్స్ పాతాళానికి పడుతుంది. అది అబద్ధం కాదు, నిజమైన ట్రెండే. కాకపోతే ఆ ధరకు అమ్మేవాడే ఉండడు కాబట్టి మన ఆర్డర్ వరుసలో నిలబడే ఉంటుంది.

అక్టోబర్ నుంచి డిసెంబర్‌కు మారిన రోజు పుస్తకంలో ముందే గీత గీసి పెట్టుకున్నాను. తేడా 310. షీట్‌లో పాత బార్‌లకు కలిపేశాను. వారం తర్వాత తెర మీద ఇండెక్స్ 41, నా షీట్‌లో 53. బావకు ఫోన్ చేసి యార్డులో ఎలా ఉందని అడిగాను.

"అట్లనే ఉన్నది. ఈసారి మల్ల లేచిందంటవా ఏంది?" అన్నాడు.

లేదు బావా, ఈసారి లేవలేదన్నాను.